ఒకరి ముఖం ఇంకొకరి మీద: గాన్ స్వాప్ ఎక్కడ ఆగుతుంది, డిఫ్యూజన్ ఎక్కడ మొదలవుతుంది

విజయవాడ గవర్నర్‌పేటలో ఫోటోలు దిద్దే పని చేస్తాను. పెళ్లి ఆల్బమ్‌లతో పాటు మా దగ్గరికి ఎక్కువగా వచ్చే పని ఫ్రేమ్ ఫోటో. ఇంట్లో పెద్దాయన పోతారు. ఆయనది మంచి ఫోటో ఒక్కటీ ఉండదు. రేషన్ కార్డు కోసమో, బ్యాంకు పాస్‌బుక్ కోసమో ఎప్పుడో దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటి బీరువాలో దొరుకుతుంది. దాన్నే పెద్దది చేసి, పట్టు పంచె, కండువాతో కూర్చున్నట్టు చేసి ఇమ్మంటారు. వెనకటి రోజుల్లో తలను కత్తిరించి వేరే ఒంటికి అతికించేవాళ్లు. ఇప్పుడు అదే పనికి రెండు పద్ధతులు వచ్చాయి. ఒకటి గాన్ మీద నడిచే ఫేస్ స్వాప్, రెండోది డిఫ్యూజన్ ఇన్‌పెయింటింగ్. బయటికి రెండూ ఒకటే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి. లోపల మాత్రం చాలా తేడా. ఆ తేడా నాకు పుస్తకంలో కంటే ఒక్క ఫ్రేమ్ ఫోటోలో బాగా అర్థమైంది కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

తెనాలి దగ్గర ఒక ఊరి నుంచి తల్లీ కొడుకూ వచ్చారు. తండ్రి సంవత్సరీకం దగ్గర పడింది. వాళ్ల చేతిలో ఉన్నది 35 మిల్లీమీటర్ల వెడల్పున్న పాస్‌పోర్ట్ ఫోటో. ఆయనవి లోపలికి పోయిన బుగ్గలు, ఒత్తైన నెరిసిన మీసం, ఎడమ కంటి కింద చిన్న పుట్టుమచ్చ. కొడుకు ఒడ్డూ పొడుగూ తండ్రిలాగే ఉంటాడు గానీ ముఖం నిండుగా ఉంటుంది, మీసం లేదు. అతనికి పట్టు పంచె కట్టించి, కిటికీ పక్కన కాస్త వారగా కూర్చోబెట్టి ఫోటో తీశాం. ఆ ఒంటి మీదకి తండ్రి ముఖం రావాలి. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ప్రింటు.

తల కత్తిరించి అతికిస్తే పోదా అంటే, పోదు. పాస్‌పోర్ట్ ఫోటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 827 పిక్సెల్స్ వెడల్పు వస్తుంది. అందులో ముఖం 400 పిక్సెల్స్ ఉంటుందేమో. మేం తీసిన ఫోటోలో కొడుకు ముఖం 1200 పిక్సెల్స్. అంటే మూడింతలు సాగదీయాలి. అది ఎలాగో చేసినా, పాస్‌పోర్ట్ ఫోటోలో ఆయన నేరుగా కెమెరాలోకి చూస్తున్నారు, వెలుగంతా ముందు నుంచి ఫ్లాష్‌ది. మా ఫోటోలో తల వారగా ఉంది, వెలుగు పక్క నుంచి పడుతోంది. అతికిస్తే పోస్టర్ మీద పోస్టర్ అంటించినట్టు ఉంటుంది. అందుకే ఆ ముఖాన్ని ఈ కోణంలో, ఈ వెలుగులో మళ్లీ తయారు చేసే పద్ధతి కావాలి.

ముందు గాన్ సంగతి. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో, ఆయన సహచరులు ప్రతిపాదించిన పద్ధతి ఇది. రెండు నెట్‌వర్కులు ఉంటాయి. ఒకటి బొమ్మ తయారు చేస్తుంది, రెండోది అది అసలుదో కాదో పట్టుకోవడానికి చూస్తుంది. పట్టుబడిన ప్రతిసారీ మొదటిది తన పని సరిదిద్దుకుంటుంది, దాన్ని పట్టుకోవడానికి రెండోదీ పదునెక్కుతుంది. ట్రైనింగ్ అయిపోయాక పట్టుకునే నెట్‌వర్కుతో పని ఉండదు. తయారు చేసేదాన్ని ఒక్కదాన్నే వాడుకుంటాం. ఇక్కడ ఒక మాట. 2017లో డీప్‌ఫేక్ అనే పేరు పుట్టించిన తొలి పద్ధతి నిజానికి గాన్ కాదు, ముఖాన్ని కుదించి మళ్లీ గీయడం నేర్చుకునే ఆటోఎన్‌కోడర్. దానికి ఇద్దరి ఫోటోలూ వందల్లో, వేలల్లో ఇచ్చి, ఆ ఇద్దరి కోసమే విడిగా ట్రైన్ చేయాలి. ఒక్క పాస్‌పోర్ట్ ఫోటోతో అది సాగదు. ఒక్క ఫోటోతో ఎవరి ముఖాన్నైనా మార్చగలిగే సిమ్‌స్వాప్ లాంటివి 2020 ప్రాంతంలో వచ్చాయి. ఇప్పుడు చాలామంది వాడే `inswapper_128.onnx` అనే మోడల్ ఫైలు కూడా ఒక్క ఫోటో చాలనే రకమే.

ఒక్క ఫోటోతో ఎలా కుదురుతుందో తెలిస్తే మిగతాదంతా విడిపోతుంది. తండ్రి ఫోటో ఆ మోడల్ లోపలికి ఫోటోగా వెళ్లదు. ముందు ఆర్క్‌ఫేస్ అనే ముఖాలను గుర్తుపట్టే నెట్‌వర్కు దాన్ని చూస్తుంది. కళ్లు రెండు, ముక్కు కొన, పెదాల చివరలు రెండు, మొత్తం ఐదు బిందువులు పట్టుకుని ముఖాన్ని నిటారుగా సర్ది, 112 పిక్సెల్స్ చదరంలోకి కుదించి, దాని నుంచి 512 అంకెలు తీస్తుంది. మోడల్‌కి తండ్రి గురించి తెలిసేది ఆ 512 అంకెలే. ఆయన ఫోటోలో ఉన్న ఒక్క పిక్సెల్ కూడా అవతలికి వెళ్లదు.

ఈ అంకెల్లో ఏముంటుంది? గుర్తుపట్టే నెట్‌వర్కుని ట్రైన్ చేసేటప్పుడు దానికి నేర్పేది ఒక్కటే. ఒకే మనిషి వేర్వేరు ఫోటోల నుంచి దగ్గర దగ్గర అంకెలు రావాలి, వేరే మనిషైతే దూరంగా రావాలి. ఈ రోజు మీసం ఉండవచ్చు, రేపు తీసేయవచ్చు. ఒక ఫోటోలో ఎండ, ఇంకోదాంట్లో నీడ. నవ్వినా, కోపంగా ఉన్నా, పది కిలోలు తగ్గినా మనిషి ఒకడే. కాబట్టి వీటిని పట్టించుకోకుండా ఉండటమే దానికి మంచి చదువు. పైగా ట్రైనింగ్‌లో ఫోటోలను అద్దంలోలాగా కుడి ఎడమలు తిప్పి కూడా చూపిస్తారు. దాంతో పుట్టుమచ్చ ఏ వైపు ఉందన్నదాని మీద దానికి పట్టు ఉండదు. కళ్ల మధ్య దూరం, ముక్కు తీరు, కనుబొమల ఎముక లాంటివి ఆ అంకెల్లోకి బాగా దిగుతాయి. మీసం, పీక్కుపోయిన బుగ్గలు, పుట్టుమచ్చ దాదాపుగా జారిపోతాయి. ఇంట్లోవాళ్లు మనిషిని గుర్తుపట్టేదేమో ఎక్కువగా వీటితోనే. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన ముడి ఇదే.

ఇప్పుడు ఆ అంకెలు కొడుకు ఫోటోలోకి ఎలా దిగుతాయో చూద్దాం. సిమ్‌స్వాప్ పద్ధతి బయటికి ప్రకటించి ఉంది కాబట్టి దాన్నే తీసుకుంటాను. కొడుకు ముఖాన్ని ఒక ఎన్‌కోడర్ చిన్న చిన్న పటాలుగా విడదీస్తుంది. ఒక్కో పటం ముఖంలో ఒక్కో లక్షణాన్ని, అది ఎక్కడుందో దానితో సహా పట్టుకుని ఉంటుంది. తండ్రి అంకెల నుంచి ఒక్కో పటానికి రెండు సంఖ్యలు పుడతాయి. ఒకటి ఆ పటాన్ని ఎంత పెంచాలో చెబుతుంది, రెండోది ఎంత జరపాలో చెబుతుంది. ఆ పెంచడం, జరపడం పటం మొత్తానికీ ఒకేలా వర్తిస్తుంది. ఆ తర్వాత డీకోడర్ ఈ పటాలన్నిటినీ కలిపి మళ్లీ ముఖంగా చేస్తుంది. తండ్రి నుంచి వచ్చేది ఒక హెచ్చుతగ్గు మాత్రమే. ఏది ఎక్కడ ఉండాలన్న పటం మాత్రం కొడుకుది. తల ఎటు తిరిగి ఉంది, నోరు ఎంత తెరుచుకుంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది, మేనిఛాయ, దవడ గీత, ఇవన్నీ కొడుకు దగ్గరే ఉండిపోతాయి. ఉండిపోవాలనే ట్రైన్ చేస్తారు కూడా. ఫలితం ముఖం నుంచి తీసిన 512 అంకెలు తండ్రి అంకెలకు దగ్గరగా ఉండాలని ఒక షరతు, మిగతా లక్షణాలు కొడుకు ఫోటోకి దగ్గరగా ఉండాలని ఇంకో షరతు. ఈ రెండిటి మధ్య బేరమే ఈ మోడల్.

బట్టల భాషలో చెప్పాలంటే ఇది ఆల్టరేషన్. కుట్టి ఉన్న చొక్కాని విప్పకుండా, ఇంకొకరికి సరిపోయేలా అక్కడ బిగించి ఇక్కడ వదులు చేయడం. గుడ్డ అదే, జేబు అదే, కాలరు అదే.

మా ఫోటోలో ఏం జరిగిందంటే, స్వాప్ ఒక్క సెకనులో అయిపోయింది. కళ్లు, ముక్కు నిజంగానే తండ్రివి. తల కోణంలో, వెలుగులో ఎక్కడా తప్పు లేదు. ప్రూఫ్ ప్రింటు చూపించాం. ఆ తల్లి కాసేపు చూసి, "ఇది మావాడి మొహమే బాబూ. ఆయనకి బుగ్గలు లోపలికి పోయి ఉండేవి" అన్నారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. దవడ, బుగ్గల నిండుదనం, మీసం లేని పై పెదవి అన్నీ కొడుకువే.

ఇంకో సమస్య కూడా ఆ ప్రింటులోనే కనిపించింది. మేం వాడిన `inswapper_128` పేరులోనే ఉంది, అది 128 పిక్సెల్స్ చదరంలోనే పని చేస్తుంది. మా ఫోటోలో ముఖం చుట్టూ పట్టే చదరం 1300 పిక్సెల్స్. దాన్ని 128కి కుదించి, ముఖం మార్చి, మళ్లీ 1300కి సాగదీసి అతికిస్తుంది. ఒక్కో పిక్సెల్ పదింతలు సాగుతుంది. చెవి మీద ప్రతి వెంట్రుకా స్పష్టంగా ఉంది, పక్కనే చెంప మాత్రం మైనం పూసినట్టు నున్నగా ఉంది. ఎవరైనా తెచ్చిన ఫోటోలో ముఖం మారిందేమో అని అనుమానం వస్తే నేను ముందు చూసేది ఇదే. చెవి, మెడ, నుదుటి పైన వెంట్రుకల మొదళ్లు ఒక పదునులో ఉండి, కళ్ల నుంచి గడ్డం వరకు ఇంకో పదునులో ఉంటే అక్కడ స్వాప్ జరిగి ఉండవచ్చు. కళ్లజోడు ఉంటే దాని కాడ ముఖం దాటే చోట తెగినట్టు కనిపిస్తుంది. పళ్ల మధ్య గీతలు కలిసిపోతాయి.

ఈ మసకని పోగొట్టడానికి అందరూ వెంటనే జీఎఫ్‌పీ గాన్, కోడ్‌ఫార్మర్ లాంటివి వాడతారు. అవి 512 పిక్సెల్స్‌లో ముఖాన్ని పదును చేస్తాయి. కానీ లేని వివరాన్ని ఎక్కడి నుంచి తెస్తాయి? ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే 70,000 ముఖాల సేకరణ మీద అవి నేర్చుకున్నాయి. అందులోని ఫోటోలు ఫ్లికర్ నుంచి తీసినవి. కాబట్టి అవి పూడ్చే చర్మం, కనురెప్పలు ఆ ముఖాల సగటు రుచిలో ఉంటాయి. మా పెద్దాయన ముఖం మీద ఎండకి పడ్డ గీతలు అవి మచ్చలనుకుని తుడిచేశాయి. పదును వచ్చింది, మనిషి ఇంకాస్త దూరం జరిగారు. వీటిని పూర్తి బలంతో ఎప్పుడూ వాడకూడదని నా అభిప్రాయం. అసలు స్వాప్ మీద సగం పారదర్శకంగా వేసుకుంటే చాలు.

ఇక రెండో దారి, డిఫ్యూజన్ ఇన్‌పెయింటింగ్. ఇది రఫూ లాంటిది. చిరిగిన చోట గుడ్డ తీసేసి, చుట్టూ ఉన్న నేతకి కలిసేలా కొత్త దారంతో మళ్లీ నేయడం. ఫోటోలో మార్చాల్సిన చోటు మీద మాస్క్ గీస్తాం. మాస్క్ లోపలున్నది నాయిస్‌లో కలిపేస్తారు, అంటే పాత టీవీలో సిగ్నల్ పోతే వచ్చే చుక్కల్లాంటిదానిలో. ఆ చుక్కల్లో నుంచి కొంచెం కొంచెం నాయిస్ తీసేస్తూ, 20, 30 అడుగుల్లో మోడల్ బొమ్మని పైకి తెస్తుంది. ప్రతి అడుగులోనూ మాస్క్ బయట ఉన్న ఫోటోని చూస్తూనే ఉంటుంది కాబట్టి వెలుగు, రంగు కలుస్తాయి.

2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అనే మోడల్ అందరి చేతికీ వచ్చాక ఈ దారి మా లాంటి చిన్న స్టూడియోల వరకూ వచ్చింది. అది నేరుగా పిక్సెల్స్ మీద పని చేయదు. ఫోటోని ఒక్కో వైపు ఎనిమిదో వంతుకి కుదించిన లేటెంట్ అనే రూపంలోకి మార్చుకుని అక్కడ పని చేస్తుంది. 512 పిక్సెల్స్ ఫోటో 64 గళ్ల చదరం అవుతుంది. దీని పర్యవసానం తెలియక చాలామంది బోల్తా పడతారు. గ్రూప్ ఫోటోలో 80 పిక్సెల్స్ ఉన్న ముఖానికి పది గళ్లే దొరుకుతాయి. పది గళ్లలో రెండు కళ్లు, ముక్కు, నోరు ఇమడాలి. అందుకే అవి వికారంగా వస్తాయి. మోడల్ చెడ్డది కాదు, చోటు చాలలేదు. ముఖం చుట్టూ కత్తిరించి, పెద్దది చేసి, అక్కడ ఇన్‌పెయింట్ చేసి, తిరిగి అతికిస్తే అదే మోడల్ బాగా చేస్తుంది. మా ఫోటోలో తల చుట్టూ 2000 పిక్సెల్స్ చదరం తీసి, స్టేబుల్ డిఫ్యూజన్‌లోనే పెద్దదైన ఎస్‌డీఎక్స్‌ఎల్ మోడల్ కోసం 1024కి కుదించాం. అంటే రెండింతల లోపే. గాన్ దగ్గర పదింతలు సాగిన చోట ఇక్కడ రెండింతలే సాగుతుంది. వివరం విషయంలో ఇది పెద్ద లాభం.

అసలు లాభం ఇంకొకటుంది. మాస్క్ ఎక్కడి వరకు గీస్తే అక్కడి వరకు మారుతుంది. దవడ, బుగ్గలు, మీసం, కావాలంటే చెవులు, జుట్టు కూడా మార్చవచ్చు. గాన్ ముట్టుకోని చోట్లన్నీ ఇది ముట్టుకోగలదు. మరి ఆ ఖాళీలో ఎవరి ముఖం రావాలో దానికి ఎలా తెలుస్తుంది? ఉత్త మాటలతో చెబితే `photo of a 68 year old man, thick grey moustache, thin cheeks` అన్న వర్ణనకు సరిపోయే ఎవరో ఒక పెద్దాయన వస్తాడు. మనిషిని చెప్పాలంటే రెండు మార్గాలు. ఆ మనిషి ఫోటోలు పది పదిహేను ఉంటే లోరా అనే చిన్న జోడింపుని ట్రైన్ చేయవచ్చు. మాకున్నది ఒక్కటే కాబట్టి అది కుదరదు. ఒక్క ఫోటోతో చేసేవి ఐపీ అడాప్టర్ ఫేస్ఐడీ, 2024లో వచ్చిన ఇన్‌స్టాంట్‌ఐడీ లాంటివి. అవి ముఖాన్ని దేనితో చదువుతాయో తెలుసా? మళ్లీ అదే జాతి గుర్తుపట్టే నెట్‌వర్కుతో, అవే 512 అంకెలతో. ఆ అంకెలను మోడల్‌కి అర్థమయ్యే కొన్ని టోకెన్లుగా మార్చి, మాటల పక్కనే పెడతాయి.

అంటే రెండు దారులూ తండ్రిని ఒకే ఇరుకు కిటికీలో నుంచి చూస్తున్నాయి. ఆ కిటికీలో పట్టనిదాన్ని దేనితో పూడుస్తాయన్న దగ్గరే విడిపోతున్నాయి. గాన్ స్వాప్ ఆ ఖాళీని కొడుకు ఫోటోతో పూడుస్తుంది. డిఫ్యూజన్ తాను ట్రైనింగ్‌లో చూసిన కోట్ల బొమ్మల జ్ఞాపకంతో, ఆ పూట పడ్డ నాయిస్‌తో పూడుస్తుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఏ ఫోటోలో ఏది ఎలా తప్పుతుందో ముందే ఊహించవచ్చు.

డిఫ్యూజన్‌తో చేసిన మొదటి ప్రింటు చూడటానికి అద్భుతంగా ఉంది. చర్మం మీద గీతలు, మీసంలో ఒక్కో వెంట్రుకా కనిపిస్తున్నాయి. తల్లి చూసి, "ఎవరో పెద్దాయన, బాగానే ఉన్నాడు. ఈయన ఎవరు?" అన్నారు. రంగు కూడా తేలిపోయింది. పొలంలో ఎండకి నల్లబడ్డ మనిషి ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగిలా వచ్చారు. మొదట పడే నాయిస్‌ని నిర్ణయించే సీడ్ అనే అంకె మార్చి మళ్లీ చేస్తే ఇంకో పెద్దాయన. నాలుగు సీడ్‌లకి నలుగురు, అన్నదమ్ములంత పోలికతో. గాన్ స్వాప్‌లో ఈ బెడద లేదు. అదే ఫోటోలిస్తే వందసార్లు చేసినా అదే ఫలితం.

దీన్ని అదుపు చేయడానికి ఉన్న మీట పేరు స్ట్రెంగ్త్. అది 1 అయితే మాస్క్ లోపలున్నది పూర్తిగా నాయిస్ అవుతుంది, కింద ఏముందో మోడల్‌కి తెలియదు. 0.3 అయితే కొంచెమే నాయిస్ కలుస్తుంది, కింది బొమ్మ ఆకారం మిగిలే ఉంటుంది. 30 అడుగులు పెట్టి స్ట్రెంగ్త్ 0.6 ఇస్తే చివరి 18 అడుగులే నడుస్తాయి. కొడుకు ఫోటో మీద నేరుగా చేస్తే ఈ మీటతో ఒక చిక్కు వస్తుంది. 0.35 దగ్గర పెడితే కొడుకు ముఖం కొడుకు ముఖంలాగే ఉంటుంది, చర్మం మాత్రం మారుతుంది. 0.9 దగ్గర పెడితే బుగ్గలు తగ్గుతాయి, మీసం వస్తుంది, మనిషి మాత్రం ఎవరో. మధ్యలో ఎక్కడ పెట్టినా అటూ ఇటూ కాని ముఖమే. రెండూ ఒకేసారి ఇచ్చే అంకె ఆ మీట మీద లేదు. దాన్ని వెతుకుతూ నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

దారి ఎక్కడ దొరికిందంటే, కింద ఉండే బొమ్మని మార్చడంలో. ముందు గాన్ స్వాప్ చేసి కళ్లు, ముక్కు తండ్రివి తెచ్చుకున్నాం. ఆ బొమ్మ మీద ఫోటోషాప్‌లో లిక్విఫై వాడి, స్కాన్ పక్కన పెట్టుకుని, బుగ్గలు చేత్తో లోపలికి నొక్కాం, దవడ సన్నం చేశాం. మీసం ఉండాల్సిన చోట బూడిద రంగు బ్రష్‌తో మొరటుగా పూశాం. దగ్గరగా చూస్తే చిన్నపిల్లల డ్రాయింగ్‌లా ఉంటుంది, ఫర్వాలేదు. అప్పుడు మాస్క్‌ని రెండు ముక్కలు చేసుకున్నాం. మీసానికి, బుగ్గలకి స్ట్రెంగ్త్ 0.5. కళ్లు, ముక్కు ఉన్న భాగానికి 0.25 మాత్రమే, మైనం నునుపు పోయి చర్మం రావడానికి సరిపోయేంత.

```python
g = torch.Generator("cuda").manual_seed(7)
out = pipe(prompt=p, image=base, mask_image=cheeks,
           strength=0.5, num_inference_steps=30,
           generator=g).images[0]
```

ఇందులో `base` అన్నది కొడుకు ఫోటో కాదు, స్వాప్ చేసి, చేత్తో దిద్దిన బొమ్మ. కిటుకంతా అక్కడే ఉంది. ఆకారం మనమే పెట్టాం, మోడల్‌ని అడిగింది దాని మీద చర్మం, వెంట్రుకలు వేయమనే. సీడ్ రాసి పెట్టుకున్నాం, రేపు చిన్న మార్పు అడిగితే మళ్లీ అదే ముఖం రావాలి కదా.

మాస్క్ గీసేటప్పుడు ఒక జాగ్రత్త. దవడ కింద మాస్క్ కొంచెం జారి కండువా మీదకి వెళ్లింది. మోడల్ ఆ మేరకు జరీ అంచుని తనకి తోచినట్టు నేసేసింది. దూరం నుంచి జరీలాగే ఉంది. దగ్గరగా చూస్తే బుటాలు కరిగి ఒకదానిలోకి ఒకటి పోయాయి. డిఫ్యూజన్‌తో మారిన ఫోటోని పట్టుకోవడానికి ఇదే నా గుర్తు. ముఖం మీద వెతకను, ముఖం పక్కనున్న లెక్క గల నమూనాల మీద వెతుకుతాను. జరీ అంచు, గొలుసు లింకులు, గోడ మీద క్యాలెండర్ అక్షరాలు. ఇంకొకటి, మాస్క్ బయట కూడా ఫోటో సూక్ష్మంగా మారుతుంది. లేటెంట్‌లోకి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు ప్రతి పిక్సెల్ కాస్త చెదురుతుంది. అందుకే వచ్చిన బొమ్మని మొత్తంగా తీసుకోకూడదు. మాస్క్ భాగాన్ని మాత్రమే తీసి, అంచు మెత్తగా చేసి, అసలు ఫోటో మీద వేసుకోవాలి.

పోలిక ఎంత వచ్చిందో కొలవడానికి చాలామంది రెండు ముఖాల 512 అంకెల మధ్య పోలికని లెక్కిస్తారు. 1 అయితే ఒకటే, 0 దగ్గరైతే సంబంధం లేనివాళ్లు. ఒకే మనిషి వేర్వేరు ఫోటోల మధ్య మామూలుగా 0.5 దాటుతుంది.

```python
s = float(np.dot(src_face.normed_embedding, out_face.normed_embedding))
```

మా మొదటి స్వాప్‌కి ఇది 0.7 దాటింది. తల్లేమో మావాడి ముఖమే అన్నారు. ఎవరు తప్పు? ఎవరూ కాదు. స్వాప్ మోడల్‌ని ట్రైన్ చేసిందే ఈ అంకెలు కలిసేలా. అదే కొలబద్దతో మళ్లీ కొలిస్తే ఎక్కువే వస్తుంది. ప్రశ్నపత్రం ఇంట్లో చూసి వెళ్లి పరీక్ష రాసినట్టు. కొలవాలంటే వేరే డేటా మీద, వేరేవాళ్లు ట్రైన్ చేసిన గుర్తుపట్టే మోడల్‌తో కొలవాలి. అప్పుడు కూడా బుగ్గల సంగతి అది చెప్పదు, ఎందుకంటే బుగ్గలను పట్టించుకోకపోవడమే దానికి నేర్పిన చదువు. ఆ కొలతకి ఇంట్లో మనిషి కన్ను తప్ప వేరే సాధనం నాకు దొరకలేదు.

వీడియో అడిగేవాళ్లకు ఒక్క ముక్క. మూడు నిమిషాల వీడియోలో సెకనుకి 25 ఫ్రేములైతే 4,500 ఫ్రేములు. గాన్ స్వాప్‌కి ఫ్రేముకి ఒకసారి నెట్‌వర్కు నడిస్తే చాలు. డిఫ్యూజన్‌లో 20 అడుగులు, ఒక్కో అడుగులో వర్ణనతో ఒకసారి, అది లేకుండా ఒకసారి లెక్క. ఫ్రేముకి 40, మొత్తం 1,80,000 సార్లు. అంత చేసినా, ఫ్రేముకో రకంగా నాయిస్ స్థిరపడి ముఖం మీద గీతలు పురుగులు పాకినట్టు కదులుతాయి. వీడియోలో ముఖం మార్చే పనికి గాన్ ఇంకా నిలబడటానికి కారణం ఈ వేగం, ఈ నిలకడ.

డబ్బు తీసుకుని పని చేసేవాళ్లు లైసెన్సు కూడా చదవాలి. `inswapper_128`తో పాటు ఇన్‌సైట్‌ఫేస్ బృందం ఇచ్చిన గుర్తుపట్టే మోడళ్లు వాణిజ్యేతర పరిశోధనకు మాత్రమే. వాటి మీద ఆధారపడ్డ ఫేస్ఐడీ అడాప్టర్లకీ అదే షరతు తగులుతుంది. ఈ ఫోటో మాకు తెలిసినవాళ్లది, రూపాయి తీసుకోకుండా చేశాం. కిరాయి పనికి వాణిజ్య లైసెన్సు ఉన్నదాన్నే వెతుక్కోవాలి. అనుమతి విషయంలో మా స్టూడియోలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి ముఖం వాడుతున్నామో ఆ మనిషి గానీ, ఆయన పోతే సొంత ఇంటివాళ్లు గానీ ఎదురుగా ఉండాలి. ఒంటికి కూర్చునే మనిషి కూడా తెలిసి కూర్చోవాలి. ఇక్కడ భార్యా, కొడుకూ ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు.

మూడో ప్రూఫ్ చూపించినప్పుడు ఆ తల్లి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వేలు పెట్టి ఎడమ కంటి కింద చూపించి, "ఇక్కడ మచ్చ ఉండాలి" అన్నారు. గాన్‌కి అది అందలేదు, డిఫ్యూజన్ దాన్ని ఊహించలేదు. వర్ణనలో రాసి అడిగితే రెండుసార్లు కుడి చెంప మీద వేసింది, ఒకసారి రెండు వేసింది. చివరికి పాస్‌పోర్ట్ ఫోటో స్కాన్ తెరిచి, మచ్చ చుట్టూ పది పిక్సెల్స్ ముక్క కత్తిరించి, మూడింతలు పెద్దది చేసి, తల వారగా ఉన్నంత మేరకు సన్నం చేసి, ఆ చోట పెట్టాను. అంచులు మెత్తగా కలిపాను. మొత్తం ముఖంలో ఆయన అసలు ఫోటో నుంచి నేరుగా వచ్చినది ఆ పది పిక్సెల్స్ ముక్క ఒక్కటే.

ప్రింటు ఇచ్చేటప్పుడు కొడుకు అడిగాడు, "అన్నా, ఈ మీసం నాన్నదేనా?" కాదని చెప్పాను. కళ్లూ ముక్కూ ఆయన ఫోటో నుంచి లెక్కగట్టినవి, బుగ్గలు ఫోటో చూసి చేత్తో దిద్దినవి, మీసం వెంట్రుకలు మోడల్ ఊహించి వేసినవి, మచ్చ మాత్రం ఆయనదే అని. ఆ మాటలే ఒక కాగితం మీద రాసి ఫ్రేమ్ వెనక అతికించమన్నాడు. పాస్‌పోర్ట్ ఫోటోని కూడా చిన్న కవర్లో పెట్టి ఆ పక్కనే అంటించి ఇచ్చాను.